ఆరో తారీకు, శనివారం, నాలుగు గంటలకి

ఆ పిల్ల నన్ను మొదటిసారి "పిన్నీ" అని పిలిచిన రోజునే నాకు ఒళ్ళు మండింది. నాకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. మా లైన్లో ఉన్న ఆడవాళ్ళందరూ నన్ను అక్కా అంటారు. నిన్న గాక మొన్న కాపురానికి వచ్చిన పిల్లకి నేను పిన్నినట! మా ఆయనతో చెబితే నవ్వి ఊరుకున్నారు. ఆయన నవ్వు ఇంకా మండించింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది పాత లైను. వరసగా చిన్న క్వార్టర్లు, ఒక గది, ఒక వంటిల్లు, ముందు వరండా. మా లైనంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళమే. మా ఆయన ఆఫీసులో గుమస్తా. మిగతా మగవాళ్ళు ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో ఫిట్టర్లు, వాళ్ళకి సాయంగా ఖలాసీలు. ఆడవాళ్ళం ఆరుగురం కలిసి కుట్టుపని చేసేవాళ్ళం. మంగ్లా వైపున్న ఒక ప్రైవేటు బడికి ఏటా ఆడపిల్లల ట్యూనిక్‌లు కుట్టి ఇచ్చేది మేమే. గుడ్డ బడివాళ్ళే ఇస్తారు. కటింగ్ నాది. కొలతల ప్రకారం కోసి, ఒక్కో ట్యూనిక్‌కి ముక్కలన్నీ కలిపి మూటగట్టి ఇంటింటికీ పంచుతాను. మిగతా ఐదుగురూ ఎవరింట్లో వాళ్ళు మెషిన్ మీద కుడతారు. తిరిగి నా దగ్గరికి వస్తే మడతలు సరిగ్గా పడ్డాయా లేదా చూసి, కాజాలు తీసి, బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి నేనే తీసుకెళ్ళి అప్పగిస్తాను. ఆర్డరు తెచ్చేది నేను, తారీకు చెప్పేది నేను. ఆ బడి ఆర్డరు ఒక్కటే మాకు గట్టి ఆర్డరు. అది పోతే మెషిన్లకి గుడ్డ కప్పి మూల పెట్టుకోవడమే.

ఆ ఐదుగురిలో ఒకావిడ కొడుకు దగ్గరికి వెళ్ళిపోతే ఆ ఖాళీలోకి ఈ పిల్ల వచ్చింది. పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. వాళ్ళ నాన్న కూడా రైల్వేనే. ఇక్కడే హిందీలో బి.ఎ. చదివింది. తెలుగు మాట్లాడుతుంది గానీ మధ్యలో హిందీలోకి జారిపోతుంది. తెలుగు చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. నేను మెట్రిక్ తెలుగులో పాసయినదాన్ని, నా చేతి రాత ముత్యాల్లా ఉంటుందని మా మాస్టారు అనేవారు. అయితే ఏం లాభం? ఈ ఊళ్ళో ఎవరికి కావాలి నా తెలుగు? హిందీ నాకు బజారు వరకే వచ్చు.

నెల తిరక్కుండానే అందరికీ ఆ పిల్లే కావాల్సి వచ్చింది. ఫారాలు నింపాలంటే ఆ పిల్ల. బడిలో అడ్మిషన్‌కి వెళ్ళాలంటే ఆ పిల్ల. అదివరకు నా వరండాలో కూర్చుని బొత్తాలు కుట్టిన వాళ్ళు ఇప్పుడు ఆ పిల్ల వరండాలో కూర్చుంటున్నారు. నేను అటుగా వెళితే "రా అక్కా, కూసో" అని నాకే మర్యాద చేసేవారు. నా లైన్లో నాకు మర్యాదా! అసూయ అంటారా, అవును, అసూయే. దాచుకోవడానికి ఏముంది, ఇన్నేళ్ళయింది.

ఆ ఏడు బడి నుంచి నూట యాభై ట్యూనిక్‌లకి ఆర్డరు వచ్చింది. జులై ఒకటిన బడి తెరుస్తారు. జూన్ ఇరవై అయిదుకి మొత్తం కావాలి అన్నారు బడి హెడ్మిస్ట్రెస్, పెద్ద మేడం. గుడ్డ చేతికి వచ్చేసరికి ఎనిమిదో తారీకు. నేను అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను. అయిదు మెషిన్లు, మెషిన్‌కి రోజుకి రెండు. పదిహేను రోజులు, ఇంకా ఒకటి రెండు రోజులు మిగులుతాయి కూడా. "హో జాయేగా మేడం" అని, అయిపోతుందని మాటిచ్చి వచ్చేశాను.

నేను లెక్కపెట్టనిది ఒకటుంది. జూన్‌లో పెళ్ళిళ్ళని, ఊళ్ళని షెడ్‌లో సగం మంది సెలవు పెడతారు. మిగిలినవాళ్ళకి వారం మీద వారం నైట్ డ్యూటీ పడుతుంది. రాత్రి పదింటికి వెళ్ళి ఉదయం ఆరింటికి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. ఉన్నది ఒకటే గది. మంచం పక్కనే మెషిన్. ఆయన లేచేదాకా పెడల్ మీద కాలు పెట్టకూడదు. ఇది మా లైన్లో ప్రతి ఆడదానికీ తెలుసు, నాకు తప్ప. ఎందుకంటే మా ఆయనది జనరల్ డ్యూటీ. పొద్దున్న టిఫిన్ డబ్బా పట్టుకుని వెళతారు, సాయంత్రం వస్తారు. పగలంతా మా ఇల్లు ఖాళీ. అందరి ఇళ్ళూ అంతే అనుకుని నేను తారీకు చెప్పేశాను. అంతకు ముందు ఏళ్ళలో ఆర్డరు చిన్నది కాబట్టి ఎలాగో గడిచిపోయింది.

ఇరవై మూడో తారీకు సాయంత్రం నా దగ్గర ఎనభై ఉన్నాయి. డెబ్భై రాలేదు. అందరినీ మా వరండాకి పిలిపించాను.

"ఏటిది? ఇంకా మూటలు ఇప్పనేలేదేటే మీరు?" అని నేను కుట్టేవాళ్ళలో ఒకావిడ, ఒక ఖలాసీ పెళ్ళాం మీద గట్టిగానే అరిచాను.

"నానేటి సేసీది అక్కా? మా ఆయన నైటు. మద్దేన్నం రెండింటికి లెగుస్తాడు. తర్వాత వంట, నీళ్ళు. రోజుకి ఒకటి అవడమే గగనం" అందావిడ.

"మరి ముందే సెప్పొద్దా?"

"నువ్వు అడగనేదు కదా" అంది. నిజమే, నేను అడగలేదు. కానీ అప్పుడు ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

నా ఆలోచన ఒకటే. బడికి వెళ్ళకుండా ఉండిపోవడం. పెద్ద మేడం మనిషిని పంపిస్తే అప్పుడు ఇదిగో అదిగో అనొచ్చు. అదే మాట అంటుంటే ఆ పిల్ల మధ్యలో కలగజేసుకుంది. "అలగ ఒద్దు పిన్నీ. తారీకు రాకముందే మనమే చిట్ఠీ ఇచ్చీయాలి. వాళ్ళు అడిగినాక సెప్తే బహానా అవుతాది, సాకులాగ. ముందే సెప్తే వాళ్ళు ఇంకేదన్నా చూసుకుంటారు."

"అయితే నాను రాస్తాను" అన్నాను. రాశాను కూడా, తెలుగులో, రెండు పేజీలు. ఎండలు, కరెంటు, మనుషులకి జ్వరాలు, ఎవరి తప్పూ లేదని, దయచేసి మన్నించమని, వీలైనంత త్వరలో అందజేస్తామని. చదువుతుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ పిల్లకి వినిపించి హిందీలో పెట్టమన్నాను.

అంతా విని నెమ్మదిగా అడిగింది. "శానా బాగుంది పిన్నీ. కానీ ఎప్పుడిస్తాం?"

"రాశాను కదేటి, వీలైనంత త్వరలో అని."

"అదెప్పుడు?"

నలుగురి ముందూ నా మొహం మాడిపోయింది. మా ఆయన కూడా అక్కడే కుర్చీలో ఉన్నారు. "ఆ పిల్లని రాయనీయ్, బాగుంటాది" అన్నారు. పదిహేడేళ్ళ కాపురంలో నా ఉత్తరాలు తప్ప ఎవరి ఉత్తరాలూ మెచ్చుకోని మనిషి! ఆ మాట సూదిలా దిగింది.

మర్నాడు ఆ పిల్ల ఒక నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. మీ ఆయనకి ఏ వారం ఏ డ్యూటీ, పగలు మెషిన్ ఎన్ని గంటలు తిరుగుతుంది, పిల్లలు బయటికి ఎప్పుడు వెళతారు, అన్నీ రాసుకుంది. అంతా కూడి చూస్తే రోజుకి ఆరు, ఏడు. అంతకంటే కావు. డెబ్భై పూర్తయ్యేసరికి జులై అయిదు. బొత్తాలకీ ఇస్త్రీకీ ఇంకో పూట. అప్పుడు కూర్చుని హిందీలో రాసింది. నిండా పది వరసలు కూడా లేవు. నాకు చదివి వినిపించింది.

ఇరవై అయిదుకి నూట యాభై ఇస్తామన్నాం, ఇవ్వలేకపోతున్నాం. తప్పు మాదే, మా ఇళ్ళలో నైట్ డ్యూటీ లెక్కపెట్టకుండా తారీకు ఒప్పుకున్నాం. దీనివల్ల మీకూ పిల్లల తల్లిదండ్రులకీ కలిగే ఇబ్బందికి క్షమించండి. ఎనభై తయారుగా ఉన్నాయి, చిన్న క్లాసులవి, రేపు ఉదయం మీ ఆఫీసుకి తెస్తాం. మిగిలిన డెబ్భై జులై ఆరో తారీకు, శనివారం, సాయంత్రం నాలుగు గంటలకి తెస్తాం. ఇంతే.

"తప్పు మాదే అని ఎందుకు? మనని మనం తిట్టుకోడానికా?" అన్నాను.

"మనదే కదా పిన్నీ" అంది.

మనది అంది. నీది అనలేదు. అది గమనించే పాటి బుద్ధి అప్పుడు నాకు లేదు. నా కడుపు మంట నాది.

ఇరవై అయిదో తారీకు పొద్దున్న రిక్షాలో ఎనభై ట్యూనిక్‌లూ వేసుకుని నేనొక్కదాన్నే బయల్దేరాను. వస్తానంది ఆ పిల్ల. "ఒద్దు, నాను సూసుకుంటాను" అన్నాను. పెద్ద మేడం యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఉత్తరం తీసి చదివారు. అరుస్తారని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. అరవలేదు. కళ్ళజోడు తీసి, "చాలా సాఫ్‌గా రాశారే. ఎవరు రాశారు?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నకి నాలో ఏదో తెగింది. ఏడేళ్ళుగా ఈ గదిలోకి వస్తున్నాను. ఒక్కసారైనా "చాలా సాఫ్‌గా కుట్టారే" అని అడిగారా ఈవిడ? పది వరసల కాగితానికి ఇంత ముచ్చటా?

"మా లైన్లో కొత్త అమ్మాయండి. దానికి పని తెలీదు" అన్నాను నాకొచ్చిన హిందీలో.

"ఆరో తారీకంటే బడి తెరిచాక అయిదు రోజులు. కొంచెం కష్టమే. సరే, నోటీసు పెడతాను."

అక్కడ ఊరుకుని ఉంటే కథే లేదు. నా నోరు ఊరుకుందా? "ఆరు దాకా అక్కర్లేదు మేడం. ఆ పిల్ల భయపడి రాసేసింది. రెండో తారీకుకి నేను ఇస్తాను" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. "పక్కాయేనా? బిల్హా ఊరి నుంచి తండ్రులు లోకల్ బండి పట్టుకుని వస్తారు, ఒక పూట పని మానుకుని. తారీకు చెప్పాక ఉత్త చేతులతో పంపలేను."

"పక్కా" అన్నాను.

ఉత్తరం మీద ఆరుని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన రెండు వేశారు. ఆ ఎర్ర గీత చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం, నిజం చెప్పాలి, ఇంతా అంతా కాదు. తిరుగు దారిలో రిక్షావాడికి బేరం కూడా ఆడలేదు.

ఇంటికి వచ్చాక అబద్ధం ఆడాను. "పెద్ద మేడం ఒప్పుకోనేదు. రెండో తారీకుకి కావాలంట."

ఆ పిల్ల నోటుబుక్కు తెరిచి చాలాసేపు చూసింది. "అవ్వవు పిన్నీ. ఎలగ చూసినా అవ్వవు. నేనెళ్ళి మాట్లాడనా?"

"నువ్వెళ్ళి ఏటి పొడుస్తావు? కుట్టండి, అవే అవుతాయి."

ఆ తర్వాతి ఆరు రోజులు మా లైన్లో జరిగినదంతా నా పుణ్యమే. ఇంటింటికీ తిరిగి పగలు కూడా మెషిన్ వేయించాను. తలుపులు మూసుకుని, మెషిన్ కాళ్ళ కింద గోనె సంచులు మడిచి పెట్టుకుని కుట్టారు. చప్పుడు తగ్గితే కదా! మగవాళ్ళకి నిద్రల్లేవు. ఇరవై తొమ్మిదిన ఆ ఖలాసీ లేచి, మూటలన్నీ తీసి రోడ్డు మీదికి విసిరేశాడు. "రెండ్రోజుల నుంచి కన్ను మూత పడనేదు! నిన్న డ్యూటీలో ఇంజను కింద నిలబడి తూగీసినాను, తెలుసా? నా చెయ్యి పోతే మీ మేడం ఇస్తాదేటి?" అని కేకలు. వాళ్ళావిడ ఏడుస్తూ మట్టిలోంచి ముక్కలు ఏరుతోంది. నేను కూడా వంగి ఏరాను. ఏరుతూ కూడా ఆ పిల్ల వైపు చూడలేకపోయాను. ఆ అమ్మాయి ముక్కలు దులిపి సైజుల వారీగా పెట్టింది. ఆ సాయంత్రం నుంచి పగటి మెషిన్లు ఆపేశారు. నేనూ ఇంక అడగలేదు.

జులై ఒకటి పొద్దున్న లెక్క చూస్తే ఇరవై ఎనిమిది మిగిలాయి. ఆ పిల్ల చీర మార్చుకుని వచ్చి నా గుమ్మంలో నిలబడింది. "పద పిన్నీ. ఈ రోజే సెప్పాలి. రేపు తండ్రులు ఒచ్చీస్తారు."

వెళితే నా అబద్ధం బయటపడుతుంది. వెళ్ళకపోతే ఒక్కతే వెళుతుంది, అప్పుడు ఇంకా బయటపడుతుంది. ఏదైతే అదయిందని, తయారైన నలభై రెండూ మూటగట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా రిక్షాలో పక్కపక్కనే కూర్చుని, ఇప్పుడు చెప్పేద్దామా, ఇప్పుడు చెప్పేద్దామా అనుకుంటూనే బడి గేటు వచ్చేసింది.

బడి తెరిచిన రోజు కదా, గోలగోలగా ఉంది. గేటు పక్కన పలక మీద నోటీసు. పెద్ద క్లాసుల ట్యూనిక్‌లు రెండో తారీకున ఇస్తారు, మూడు నుంచి యూనిఫాం లేనిదే లోపలికి రానివ్వరు. ఆ పిల్ల దాని ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

పెద్ద మేడం గదిలో ఆ అమ్మాయే మాట్లాడింది. ఇరవై ఎనిమిది మిగిలాయని, రేపటికి కావని.

ఈసారి ఆవిడకి కోపం వచ్చింది. నా వైపు తిరిగారు. "ఈమె కాగితం మీద ఆరు రాసి పంపితే, అక్కర్లేదు, రెండుకి పక్కా అన్నది మీరే కదా? నేను అడిగానా మిమ్మల్ని?"

తల కొట్టేసినట్లయింది. ఆ గదిలో నేల చీలితే బాగుండును అనిపించింది. ఆ పిల్ల తల తిప్పి నా వైపు చూస్తుందని, ఒక్క చూపు చూస్తే చచ్చిపోతానని అనుకున్నాను. చూడలేదు. ఒక్క క్షణం బల్ల మీద ఉన్న ఆ ఎర్ర గీతల ఉత్తరం వైపు చూసింది, అంతే.

"తప్పు మాదే మేడం. ఆత్రంలో చెప్పేశాం. ఆరో తారీకు, శనివారం, నాలుగు గంటలకి మొత్తం తెస్తాం. ఇవాళ నలభై రెండు తెచ్చాం. మిగిలిన ఇరవై ఎనిమిది మంది పిల్లలకి ఆరు దాకా మామూలు బట్టలు ఒప్పుకోండి. నోటీసు మార్చి రాయాలంటే నేనే రాసిపెడతాను."

"ఈ తారీకు ఎవరిది? మీదా, ఆవిడదా?" అని అడిగారు పెద్ద మేడం.

"మా అందరిదీ" అంది.

నోటీసు ఆ పిల్లే మార్చి రాసింది, సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో. బిల్హా తండ్రులు మర్నాడు లోకల్ ఎక్కే ముందే కబురు చేరాలని అక్కడి ఒక్కో పిల్లకీ చీటీ కూడా రాసి ఇచ్చింది. నేను పక్కన నిలబడి చీటీలు మడిచాను. మడిచే పని ఒకటి మిగిలింది నాకు.

తిరిగి వస్తూ రిక్షాలో ఇంక ఆగలేక అన్నాను. "తిట్టవే నన్ను. నోరు మూసుకుని కూసుంటావేటి?"

"ఏటని తిట్టాలి పిన్నీ?" అంది. "మన మగోళ్ళకి నిద్రలు పాడు సేసీసినాం కదా, అదే బాధగా ఉంది" అంది. తిట్టినా బాగుండేది. నాకంటే మంచిదానిగా ఉండడం దానికి అంత తేలికా అనిపించి, సిగ్గుతో పాటు మళ్ళీ అదే మంట. మనిషి బుద్ధి ఎంత చెడ్డది! దానికి క్షమించమని ఆ రోజు చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. మా లైన్లో ఎవరితోనూ ఆ అమ్మాయి ఈ సంగతి అనలేదని మాత్రం నాకు తెలుసు. అని ఉంటే ఖలాసీ పెళ్ళాం నన్ను బతకనిచ్చేదా?

ఆరో తారీకు నాలుగింటికి పది నిమిషాల ముందే అప్పగించాం. పెద్ద మేడం లెక్కపెట్టుకుని, తల ఎత్తకుండానే సంతకం పెట్టారు. ఇంక ఈ బడి మాకు పిలుపు పంపదని నేను అనుకున్నాను. ఐదుగురి మెషిన్లూ నా నోటి వల్ల మూలపడ్డాయని లోపల్లోపల కుమిలిపోయాను.

అక్టోబరులో కబురు వచ్చింది. వార్షికోత్సవానికి అరవై డాన్సు డ్రెస్సులు. నన్నే రమ్మన్నారు. వెళ్ళాను, ఒక్కదాన్నే. నమూనా చూపించారు. కుచ్చులు, అద్దాలు, జరీ అంచు, పని ఎక్కువే. కొలతలు రాసుకున్నాను.

"ఎప్పటికి ఇస్తారు?" అని పెద్ద మేడం కలం తెరిచారు.

పదిహేను రోజులు అన్న మాట నాలుక చివర దాకా వచ్చేసింది. ఏడేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? మింగాను. ఆ మాట మింగడానికి నాకు పట్టిన బలం ఎవరికీ తెలీదు.

"ఇంటికెళ్ళి అడిగి చెప్తానండి" అన్నాను.

"ఎవర్ని?"

ఆవిడకి తెలుసు ఎవర్నో. నా నోటితోనే వినాలని అడిగారు.

"ఆ అమ్మాయిని."

తల ఊపి, కలం మూత పెట్టి, "అయితే ఆమె చెప్పిన తారీకే రాసుకుంటాను" అన్నారు.